పిన్నింగ్ రోజు ఫొటో కింద ఏం రాయాలి?

మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి, ఇప్పుడు ఉండేది టెక్సాస్‌లో. ఎం.కాం. చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్‌లో చేరి ఈ నెలలోనే పూర్తి చేశాను. వచ్చే శుక్రవారం మా పిన్నింగ్ సెరిమనీ, అంటే నర్సింగ్ చదువు పూర్తి చేసినవాళ్లకు కాలేజీ పిన్ను పెట్టే వేడుక. మా అత్తగారి చేత పిన్ను పెట్టించుకుంటున్నాను. ఫొటోతో పెట్టడానికి ఇలా రాసుకున్నాను: "కల నెరవేరింది! ఈ రోజు నుంచి నేను రిజిస్టర్డ్ నర్సుని. ప్రాణాలు కాపాడడానికి దేవుడు ఎంచుకున్న చేతులివి. అప్పుడు నవ్వినవాళ్లకు ఇదే నా జవాబు." మా ఆయన చదివి గొప్పలు చెప్పుకున్నట్టుంది అన్నారు. అవి తీసేస్తే ఇంకేమీ మిగలడం లేదు. వినయంగా ఉండాలి, అలాగని చప్పగా ఉండకూడదు. వరంగల్‌లో ఎంబీబీఎస్‌లో చేరిన మా మేనకోడలికి కూడా త్వరలో వైట్ కోట్ సెరిమనీ ఉందట. తనకూ ఒకటి రాసిపెట్టమంటోంది. ఏం రాయమంటారు?
— ఓ పాఠకురాలు, టెక్సాస్

ముందుగా మీకు అభినందనలు. ఇంటినీ పిల్లల్నీ చూసుకుంటూ అనాటమీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ దాటి ఆ వేదిక దాకా రావడం ఎంత కష్టమో, నర్సింగ్ విద్యార్థులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు బాగా తెలుసు. మీ నాలుగు వాక్యాల్లో ముందుగా మార్చాల్సింది రెండోది, "ఈ రోజు నుంచి నేను రిజిస్టర్డ్ నర్సుని" అన్నది. గొప్పగా వినిపిస్తుందని కాదు. అది ఇంకా నిజం కాదు కాబట్టి.

పిన్ను ఇచ్చేది మీ కాలేజీ. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర నర్సింగ్ బోర్డు. మీరు చదువు పూర్తి చేశారని కాలేజీ బోర్డుకు తెలియజేయాలి, బోర్డు మిమ్మల్ని పరీక్షకు అనుమతించాలి, ఆ తర్వాత మీరు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాయాలి. మీకు తెలిసిందే, కానీ మీ బంధువులకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అది కంప్యూటర్ మీద రాసే పరీక్ష, గరిష్ఠంగా 5 గంటలు. జవాబుల్ని బట్టి ప్రశ్నలు మారుతూ 85 నుంచి 150 లోపు ఎక్కడైనా ఆగిపోతుంది. అందులో నెగ్గి, బోర్డు లైసెన్సు జారీ చేశాకే పేరు పక్కన ఆర్.ఎన్. అని రాసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఆ హోదా వాడడం చట్టవిరుద్ధం. కొన్ని రాష్ట్రాలు మధ్యలో పనిచేయడానికి గ్రాడ్యుయేట్ నర్సు అనే తాత్కాలిక అనుమతి ఇస్తాయి, అది కూడా అడిగి తెచ్చుకుంటేనే. పరీక్ష మొదటిసారి పోతే మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. అలా జరిగితే ఆ నెలన్నర పాటు మీ పోస్టు అబద్ధం చెబుతూ అందరి ఫోన్లలో ఉంటుంది. తెనాలి నుంచి ఫోన్ చేసి "ఏ హాస్పిటల్లో చేరావమ్మా?" అని అడిగిన ప్రతివారికీ మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఆ ఒక్క మాటా సరిచేసేసరికి వినయం చాలావరకు దానంతట అదే వచ్చేస్తుంది. "ఈ రోజు మా కాలేజీ పిన్ను పెట్టారు. లైసెన్సు పరీక్ష ఇంకా ఉంది." ఇందులో తలవంచుకున్నట్టు ఏమీ లేదు, పెద్ద మాటా లేదు. మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో అక్కడే నిలబడి చెప్పారు. ఈ వృత్తిలో ఇది చాలా అవసరమైన అలవాటు. చార్టులో ఇచ్చిన మందునే ఇచ్చానని రాస్తాం, ఇవ్వబోయేదాన్ని ఇచ్చానని రాయం. మీ ఇన్‌స్ట్రక్టర్ ఈ మాట మీతో ఎన్నిసార్లు అని ఉంటారో!

ఇక ప్రాణాలు కాపాడడం గురించి. పిన్నింగ్ పోస్టుల్లో ఎక్కువగా కనిపించేది ఈ మాటే. బయటివాళ్లు చప్పట్లు కొడతారు, వార్డులో పనిచేసినవాళ్లకు మాత్రం ఇబ్బందిగా ఉంటుంది. మీరు క్లినికల్స్‌లో, అంటే ఆసుపత్రి శిక్షణలో, చేసిన పనులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కదల్లేని మనిషికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి ఉంటారు. తాగిన నీళ్లు, వచ్చిన మూత్రం కొలిచి రాసి ఉంటారు. మందు ఇచ్చే ముందు పేరు, పుట్టిన తేదీ మళ్లీ అడిగి ఉంటారు. పొద్దున నిమిషానికి 18 సార్లు ఊపిరి తీసుకున్న మనిషి మధ్యాహ్నానికి 26 సార్లు తీసుకుంటుంటే గమనించి పెద్ద నర్సుకు చెప్పడం నేర్చుకుని ఉంటారు. అలా గమనించి చెప్పడం వల్ల ప్రాణం నిలబడవచ్చు. కానీ నిలబెట్టింది ఆ ఒక్కరే కాదు. చెప్పగానే వచ్చిన నర్సు, రక్తపరీక్ష త్వరగా చేసిన ల్యాబ్ మనిషి, ఆక్సిజన్ పెట్టిన థెరపిస్టు, డాక్టరు, అందరూ ఉంటారు. పైగా ఎంత చేసినా ప్రాణం నిలబడని రోజులు మీకూ వస్తాయి. అలాంటి ఒక షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చి మీ పాత పోస్టు మీరే చదువుకుంటే "ప్రాణాలు కాపాడే చేతులు" అన్న మాట మీకే బరువుగా తోస్తుంది. చేసిన పని పేరుతో చెప్పండి చాలు. మంచంలో మనిషిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడం నేర్చుకున్నానని రాస్తే, ఆసుపత్రిలో మంచాన పడిన అమ్మనో నాన్ననో చూసుకున్న ప్రతివారికీ దాని విలువ తెలుస్తుంది.

దేవుడు ఎంచుకున్న చేతులు అన్నది మీ భక్తి. దాన్ని నేను తప్పు పట్టను. అయితే "ఎంచుకున్నాడు" అంటే ఎంచుకోని వాళ్లు ఉన్నారని అర్థం వస్తుంది. మీతో చేరి మందుల లెక్కల పరీక్ష దాటలేక ఆగిపోయిన అమ్మాయి మీ స్నేహితుల జాబితాలో ఉండే ఉంటుంది. దేవుడికి దండం పెట్టుకున్నానని రాయండి. అది మీకూ దేవుడికీ మధ్య ఉండే మాట.

చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. అసలు బాధ అక్కడే ఉంది. ఎం.కాం. చదివి అమెరికా వెళ్లిన కోడలు నర్సింగ్‌లో చేరిందంటే మన ఇళ్లలో ఏమంటారో నేను విన్నాను. "పోయిపోయి బెడ్‌ప్యాన్లు ఎత్తే పనా?" అంటారు. మీకు కోపం రావడం న్యాయమే. కానీ ఈ ఫొటోలో మీ పక్కన ఉండేది మీ అత్తగారు. "అప్పుడు నవ్వినవాళ్లకు ఇదే నా జవాబు" అని కింద రాస్తే, విషయం తెలియని వాళ్లు చేసే మొదటి పని నవ్వింది ఎవరా అని ఊహించడం. సగం మంది ఆవిడనే అనుకుంటారు! మిగతావాళ్లు తమను అన్నారేమోనని వాట్సాప్‌లో వాకబు మొదలుపెడతారు. మీ పండగ రోజు మీది కాకుండా పోతుంది. నిజంగా నవ్విన మనిషి మాత్రం ఆ పోస్టును చూసీ చూడనట్టు దాటిపోతారు. వాళ్లతో తేల్చుకోవాల్సింది ఉంటే నేరుగా మాట్లాడండి, లేదా వదిలేయండి. ఫొటో కింద మాత్రం వద్దు.

ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుందని అడిగారు. మీరు ఆ సాయంత్రం చదవబోయే ప్రమాణంలోనే దానికి జవాబు ఉందని నాకనిపిస్తుంది. పిన్నింగ్‌లో దీపాలు పట్టుకుని చాలాచోట్ల చదివేది నైటింగేల్ ప్రతిజ్ఞ. పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్‌ది కానీ రాసింది ఆవిడ కాదు. 1893లో డెట్రాయిట్‌లోని హార్పర్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలులో లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో ఒక కమిటీ దాన్ని తయారు చేసింది. మీ పోస్టులో ప్రతిజ్ఞ వాక్యాన్ని వాడి కింద నైటింగేల్ పేరు పెట్టాలనిపిస్తే, పెట్టకండి. తర్వాత చాలా కాలేజీలు ఆ ప్రతిజ్ఞను మార్చుకున్నాయి. మీ కాలేజీ మీకిచ్చే కాగితంలో ఉన్నదే మీ ప్రమాణం. మొదటి రూపంలో ఉన్న రెండు మాటలు మాత్రం ఇప్పటికీ చాలా రూపాల్లో కనిపిస్తాయి. హాని చేసే మందు తెలిసి ఇవ్వను అన్నది ఒకటి. పనిలో ఉండగా నాకు తెలిసిన ఇతరుల సొంత విషయాలు బయటపెట్టను అన్నది రెండోది.

ఈ రెండోదాన్ని ప్రమాణం చేసిన రాత్రే పోస్టులో తప్పేవాళ్లు చాలామంది ఉంటారు. చెడు ఉద్దేశంతో కాదు, కృతజ్ఞతతోనే. "నా మొదటి పేషెంట్, తుంటి విరిగిన 91 ఏళ్ల బామ్మ, ఫలానా ఆసుపత్రి నాలుగో అంతస్తులో నా చెయ్యి పట్టుకుని..." అంటూ రాస్తారు. పేరు రాయలేదు కదా అనుకుంటారు. వయసు, ఊరు, ఆసుపత్రి, జబ్బు కలిపితే ఆ బామ్మ మనవడు గుర్తుపట్టగలడు. అమెరికా ఆరోగ్య సమాచార చట్టం, అదే మీరు చదువుకున్న హిపా, 89 దాటిన వయసును కూడా మనిషిని గుర్తుపట్టించే వివరంగానే లెక్కిస్తుంది. ఫొటోల విషయంలోనూ అంతే. 2010లో కాన్సస్ రాష్ట్రంలోని ఒక కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్ విద్యార్థినులు ల్యాబ్‌లో మాయతో, అంటే ప్రసవం తర్వాత వచ్చే ప్లాసెంటాతో, ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టారు. అందులో తల్లి పేరు లేదు, ఏ ఆనవాలూ లేదు. అయినా కాలేజీ ఆ విద్యార్థినులను తీసేసింది. ఒక విద్యార్థిని కోర్టుకు వెళ్లాక, తిరిగి చేర్చుకోమని జడ్జి చెప్పారు. గెలిచినా ఆ అమ్మాయిలు పడిన టెన్షన్ తక్కువేం కాదు. మీరు పిన్నింగ్ ఫొటోతో పాటు క్లినికల్స్ రోజుల ఫొటోలు కూడా వరసగా పెట్టాలనుకుంటే, వెనక గోడ మీద వైట్‌బోర్డు, మానిటర్ తెర, మెడలో బ్యాడ్జి ఉన్నాయేమో ఫొటో పెద్దది చేసి చూడండి. ఆసుపత్రి లోపల తీసినవి అసలు పెట్టకపోతే ఇంకా మంచిది. స్కిల్స్ ల్యాబ్‌లో బొమ్మతో దిగినవి కాలేజీ ఒప్పుకుంటే పెట్టుకోవచ్చు.

అలాగని పేషెంట్లను పూర్తిగా వదిలేస్తే పోస్టుకు ప్రాణం ఉండదు. మీరు స్టూడెంట్ అని తెలిసీ, "కావాలంటే అనుభవం ఉన్న నర్సును పంపండి" అనే హక్కు ఉండీ, చెయ్యి చాచిన మనుషులు వాళ్లు. మీకు రెండోసారి నరం దొరక్కపోయినా ఓర్చుకున్నారు. వాళ్ల కథ చెప్పకుండా వాళ్లకు రుణం చెప్పుకోవచ్చు. వయసు, జబ్బు, చోటు, తేదీ ఏమీ లేకుండా "నేను స్టూడెంట్‌నని తెలిసీ చెయ్యి చాచిన పేషెంట్లకు" అంటే చాలు. ఎవరి సొంత విషయమూ బయటికి రాలేదు, మీ చదువు ఎవరి ఒంటి మీద జరిగిందో మీరు మర్చిపోలేదనీ తెలిసింది.

ఇంకో వైపు కూడా జాగ్రత్త. గొప్పలు తీసేసే కంగారులో "నాకేమీ రాదు, నేనెంతదాన్ని, అంతా మీ దీవెన" అని రాసేవాళ్లు ఉన్నారు. అది కూడా నిజం కాదు. మందుల లెక్కలు మీకు వచ్చు, స్టెరైల్ గ్లోవ్స్ తొడుక్కోవడం వచ్చు. రేపు మీ దగ్గర మందు తీసుకునే మనిషి, మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునే మేనేజరు ఆ పోస్టు చూడవచ్చు. వచ్చినదాన్ని రాదని చెప్పడం వాళ్లకు ధైర్యం ఇవ్వదు.

ఇప్పుడు నేను రాసింది చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి నూట పాతిక అక్షరాలు దాటితే మిగతాది కనబడకుండా దాగిపోతుంది, అందుకని అసలు సంగతి మొదట్లోనే పెట్టాను. అత్తగారి గురించి రాసినవి నా ఊహలు. వాటి చోట ఆవిడ నిజంగా చేసిన ఒకటి రెండు పనులు పెట్టండి. "అన్నివిధాలా అండగా నిలిచారు" లాంటి మాట మాత్రం వద్దు, అది ఎవరి అత్తగారికైనా సరిపోతుంది.

"ఈ రోజు మా కాలేజీ పిన్నును మా అత్తయ్య నా చేత్తో కాదు, తన చేత్తో పెట్టారు. లైసెన్సు పరీక్ష ఇంకా ఉంది. నేను తెల్లవారుజామున క్లినికల్స్‌కి బయల్దేరిన రోజుల్లో పిల్లలకు జడలేసి, బాక్సులు కట్టి బడికి పంపింది ఆవిడే. నేను స్టూడెంట్‌నని తెలిసీ చెయ్యి చాచిన పేషెంట్లకు, నేను వేసిన ప్రతి లెక్కనూ మళ్లీ వేయించిన ఇన్‌స్ట్రక్టర్లకు, మంచంలో మనిషిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడం నేర్పిన నర్సింగ్ అసిస్టెంట్లకు రుణపడి ఉన్నాను. నన్ను నమ్మి చెప్పుకున్న మాట నా దగ్గరే ఉంటుందని ఈ రోజు ప్రమాణం చేశాను."

మళ్లీ చదివితే మొదటి వాక్యంలో "నా చేత్తో కాదు, తన చేత్తో" అన్నది అనవసరంగా ముడి పడింది. "మా అత్తయ్య తన చేత్తో నాకు మా కాలేజీ పిన్ను పెట్టారు" అని ఉంచండి. నర్సింగ్ అసిస్టెంట్లను తీసేయకండి, చోటు చాలకపోతే ఇంకేదైనా తగ్గించండి. ఈ పోస్టుల్లో ప్రొఫెసర్లకు అందరూ దండాలు పెడతారు. వార్డులో ఒళ్లు తుడవడం, పక్క మార్చడం దగ్గరుండి నేర్పినవాళ్ల పేరెత్తేవాళ్లు తక్కువ. రేపు మీరు ఉద్యోగంలో చేరాక మొదటి నెలల్లో మిమ్మల్ని ఆదుకునేది కూడా వాళ్లే.

ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపుకు ఇంత అవసరం లేదు. మొదటి రెండు వాక్యాలూ పెట్టి, "పెద్దలందరికీ నమస్కారాలు" అంటే సరిపోతుంది. పోస్టు పెట్టే ముందు మీ అత్తగారికి చదివి వినిపించండి. తన ఫొటో, తన సంగతి నలుగురూ చూసేచోట పెట్టడం ఆవిడకు ఇష్టమో కాదో అడగాలి.

మీ మేనకోడలి సంగతి వేరు. మీ పిన్ను చదువు చివర్లో వచ్చింది, తన కోటు చదువు మొదట్లో వస్తోంది. వైట్ కోట్ వేడుక ఇప్పుడున్న రూపంలో 1993లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ వైద్య కళాశాలలో మొదలైంది. దాని వెనక ఉన్న పిల్లల డాక్టరు ఆర్నాల్డ్ గోల్డ్ ఆలోచన ఒకటే. ప్రమాణం చదువు అయ్యాక కాదు, పేషెంటును ముట్టుకోక ముందే చేయించాలి అని. మన దగ్గర కూడా చాలా కాలేజీల్లో ఇప్పుడు ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలోనే చేస్తున్నారు. అంటే తను ఇంకా ఎవరికీ వైద్యం చేయలేదు, కాబట్టి పేషెంట్లకు కృతజ్ఞత చెప్పడం కూడా తొందరే. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడం ఇంకా తొందర. దానికి ఎంబీబీఎస్ నెగ్గాలి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, రిజిస్ట్రేషన్ రావాలి. బయోలో ఇప్పటికే పెట్టుకుని ఉంటే మెల్లగా చెప్పి తీయించండి.

తనకు నిజంగా చెప్పుకోదగ్గది ఒకటుంది. ఎంబీబీఎస్‌లో చేరగానే వాళ్లు మొదట నేర్చుకునేది అనాటమీ హాలులో, ఎవరో దానం చేసిన శరీరం దగ్గర. ఆ దేహమే మొదటి గురువు అన్నది ఇప్పుడు మన దేశంలో సిలబస్‌లోనే ఒక పాఠం. ఆ హాలులో ఫొటో ఎట్టి పరిస్థితిలోనూ దిగకూడదు, కానీ ఆ రుణం మాటల్లో చెప్పుకోవచ్చు: "ఈ రోజు తెల్ల కోటు ఇచ్చారు. ఇంకా ఎవరికీ వైద్యం చేసే అర్హత లేదు. మేం నేర్చుకోవడానికి తమ దేహాన్ని ఇచ్చి వెళ్లినవారికి, ఇవ్వడానికి ఒప్పుకున్న వాళ్ల ఇంటివారికి నమస్కారం." తను చిన్నపిల్ల కదా, పక్కన స్నేహితుల పేర్లు, నవ్వుల బొమ్మలు పెట్టుకోనివ్వండి. ఫొటోలో ఉన్న మిగతా పిల్లల్ని అడిగి పెట్టమనండి.

ఇక మీరు ఎన్‌క్లెక్స్ రాశాక ఒక సంగతి గుర్తుంచుకోండి. రెండు పనిదినాల తర్వాత డబ్బు కట్టి చూసుకునే ఫలితం అనధికారికం. అది చూసి ఆర్.ఎన్. అని పోస్టు పెట్టేయకండి. మీ పేరు లైసెన్సు నంబరుతో సహా బోర్డు వెబ్‌సైట్‌లో కనిపించేదాకా ఆగండి. కనిపించిన రోజు మీ మొదటి చిత్తులోని "నేను రిజిస్టర్డ్ నర్సుని" అన్న వాక్యాన్ని మార్చకుండా పెట్టుకోండి. లైసెన్సు స్క్రీన్‌షాట్ మాత్రం జతచేయకండి. దాన్ని వాడుకుని మీ పేరు మీద మోసాలు చేసేవాళ్లు ఉంటారు.